డిశ్చార్జి చీటీ: గుండె వైఫల్యం రోగిని ఊరి డాక్టరుకు అప్పగించే తీరు

ఆసుపత్రి నుంచి రోగిని ఇంటికి పంపేటప్పుడు చేతిలో పెట్టే కాగితాన్ని మనం డిశ్చార్జి సమ్మరీ అంటాం. మా ప్రొద్దుటూరు ప్రాంతంలో దాన్ని "డిచ్చార్జి చీటీ" అంటారు. పట్టాదారు పాసుపుస్తకంతో సమానంగా, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బీరువాలో దాస్తారు. అంత భద్రంగా దాచిన ఆ కాగితాన్ని తీసుకొచ్చి నా బల్లమీద పెట్టినప్పుడు, నాకు కావలసిన మాట అందులో దొరికేది చాలా తక్కువసార్లు. ఈ వ్యాసం దాన్ని గురించే. చదివేవారిలో రేపు హౌస్ సర్జన్లుగా ఇలాంటి చీటీలు రాయబోయేవారు కొందరున్నారు. ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉన్నవారు ఇంకా ఎక్కువమంది ఉండవచ్చు. ఇద్దరికీ పనికొచ్చేట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అన్ని జబ్బుల జోలికీ పోను. గుండె వైఫల్యం ఒక్కటే తీసుకుంటాను. ఎందుకంటే, అపెండిక్సు తీసిన రోగి ఇంటికి వెళ్లేసరికి అతని జబ్బు అయిపోయి ఉంటుంది. అతని చీటీ ఒక చరిత్ర. గుండె వైఫల్యం రోగి సంగతి అలా కాదు. ఆసుపత్రిలో చేసింది సగం పనే. మిగిలిన సగం ఊళ్లో ఉన్న డాక్టరు చెయ్యాలి. కనుక అతని చీటీ చరిత్ర కాదు, ఒక డాక్టరు మరో డాక్టరుకు రాసే ఉత్తరం.

గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు. గుండె అనే పంపు బలహీనపడి, వచ్చిన రక్తాన్ని వచ్చినట్టు ముందుకు తోయలేకపోవడం. మూత్రపిండాలు అది చూసి ఒంట్లో నీళ్లు తగ్గాయని పొరబడి, ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఆ నీరు ఊపిరితిత్తుల్లో నిలిస్తే ఆయాసం, కాళ్లలో దిగితే వాపు. ఆసుపత్రిలో మొదటి నాలుగైదు రోజులు చేసేది ప్రధానంగా మూత్రం పోయే ఇంజెక్షన్లతో ఆ నీటిని తీయడమే. నీరు పోతుంది, ఆయాసం తగ్గుతుంది, మనిషి లేచి నడుస్తాడు, ఇంటికి పంపుతారు. పంపు మాత్రం నిన్నటి పంపే. 2013లో తిరువనంతపురం జిల్లాలో ఇలా ఆసుపత్రుల్లో చేరిన 1,200 మందికి పైగా రోగులను లెక్కవేసి వెంట చూస్తే, ఏడాది తిరిగేసరికి దాదాపు ముగ్గురిలో ఒకరు బతికి లేరు. 2022లో వెలువడిన స్ట్రాంగ్ హెచ్.ఎఫ్. అనే అంతర్జాతీయ అధ్యయనంలో, ఇంటికి పంపిన తర్వాత ఆరు వారాలపాటు తరచుగా పిలిచి చూసి, రెండు వారాల్లోపే మందుల మోతాదు పూర్తిగా పెంచినవారిలో, ఆరు నెలల్లో చనిపోవడమో తిరిగి ఆసుపత్రిలో చేరడమో జరిగినవారు నూటికి 15 మంది. మామూలుగా వదిలేసినవారిలో 23 మంది. అంటే ఆట ఆసుపత్రి గేటు దాటాకే మొదలవుతుందన్నమాట.

మరి గేటు దాటాక మన రోగి ఎక్కడికి పోతాడు? పులివెందుల పక్క పల్లె మనిషి కడపకు పోవాలంటే సుమారు 70 కిలోమీటర్లు. పెద్ద జబ్బంటే తిరుపతో, కర్నూలో, బెంగుళూరో, రాయవేలూరో పోతారు. గుండె ఆపరేషన్ అయితే 1991లో మొదలైన పుట్టపర్తి ఆసుపత్రి ఉంది. "15 రోజులకు రివ్యూ" అని ఆ ఆసుపత్రివాళ్లు రాస్తారు. వెళ్లేది ఎవరు? బస్సు చార్జీలు, ఇద్దరు మనుషులు, ఒక రోజు కూలీ, ఆ పైన గుడ్డి నమ్మకం: "బాగైంది కదా సారూ, మళ్లీ ఎందుకు?" చివరికి చూసేది పులివెందులలోనో, జమ్మలమడుగులోనో, ప్రొద్దుటూరులోనో ఉన్న మాబోటి డాక్టరు. లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని యువ డాక్టరు. 2023లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పథకం పేరిట ఆ డాక్టర్లను పల్లెలకే పంపడం మొదలుపెట్టారు కూడా. పేరేదైనా, ఆ డాక్టరుకు రోగిని గురించి తెలిసిందల్లా ఆ చీటీలో ఉన్నంతే.

ఇప్పుడు ఒక చీటీ సంగతి చెబుతాను. ఆసుపత్రి పేరు అనవసరం. దూరపు పెద్ద ఊరిది. రోగి పులివెందుల దగ్గరి చీనీ తోట రైతు, 58 ఏళ్లు. కూతురిని ప్రొద్దుటూరులో ఇచ్చారు గనుక నా దగ్గరికి వచ్చాడు. ఐదేళ్ల కింద గుండెపోటు వచ్చింది. చక్కెర వ్యాధి ఉంది, బి.పి. ఉంది. ఆయాసంతో ఆసుపత్రిలో చేరి వారం రోజులుండి వచ్చిన పదకొండో నాడు కాళ్లు మళ్లీ కుండల్లా వాచాయి. రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నాడు. అల్లుడు కవరు తీసి తొమ్మిది పేజీల చీటీ నా ముందు పెట్టాడు.

"అన్నీ ఇందులో ఉండాయంట సారూ. పెద్ద డాక్టరు చెప్పినాడు."

నిజమే, అన్నీ ఉన్నాయి. ఏడు పేజీలు రక్తపరీక్షల అచ్చులు. విటమిన్ డి కూడా ఉంది. మొదటి పేజీ నిండా చేరినప్పటి ఆయాసం వర్ణన. "ఆసుపత్రిలో చికిత్స" అన్నచోట రెండే వాక్యాలు: రోగికి తగిన చికిత్స చేయబడినది, స్థిరమైన స్థితిలో పంపబడుచున్నాడు. మందుల పట్టీలో పది కంపెనీ పేర్లు. చివర "అవే కొనసాగించవలెను, అవసరమైతే రావలెను."

నాకు కావలసినవి మూడు ప్రశ్నలకు జవాబులు. నీరు పూర్తిగా పోయినప్పుడు ఇతని బరువెంత? ఏ మందు కొత్తది, ఏది పాతది, ఏది మాన్పించారు, ఎందుకు? ఇప్పుడు నేనేం చెయ్యాలి, ఎంతవరకు చెయ్యవచ్చు? తొమ్మిది పేజీల్లో ఈ మూడింటికీ జవాబు లేదు. రోగి మళ్లీ ఆసుపత్రిలో చేరాడు, ఈసారి వేరేచోట. అక్కడినుంచి వచ్చిన రెండో చీటీని ఎవరో చిన్న డాక్టరు రాశాడు. సంతకం అర్థం కాలేదు గానీ చీటీ మాత్రం అక్షరం అక్షరం అర్థమైంది. ఒకటిన్నర పేజీ. ఆ చీటీనే ఆధారం చేసుకుని మిగతాది చెబుతాను.

దాని నెత్తిన ఒకే వాక్యంలో రోగనిర్ధారణ ఉంది: "పాత గుండెపోటు వల్ల గుండె వైఫల్యం, ఎడమ జఠరిక పంపు శక్తి 30 శాతం, ఈసారి ముదరడానికి కారణం నొప్పి మాత్రలు, పయోగ్లిటజోన్, ఉప్పు." ఈ వాక్యంలోని మూడు ముక్కలూ ముఖ్యమే. పంపు శక్తి 40 శాతం గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవారికీ, శక్తి బాగానే ఉండి గుండె గట్టిపడినవారికీ మందులు ఒకటి కావు. ఆ అంకె లేకపోతే నేను ఏ దారి పట్టాలో తెలియదు. ఇక మూడో ముక్క, ఈసారి ఎందుకు ముదిరిందన్నది, చాలా చీటీల్లో కనబడనే కనబడదు. అది లేకపోతే అదే కారణం మళ్లీ జరుగుతుంది. ఈ రైతు మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ వేయించుకునేవాడు. ఆ జాతి మాత్రలు మూత్రపిండాల్లో ఉప్పునూ నీటినీ ఆపేస్తాయి, మూత్రం మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. మొదటి ఆసుపత్రి నుంచి వచ్చిన మూడోనాడే మళ్లీ వేయించుకున్నాడు. వద్దని అతనికి ఎవరు చెప్పారు గనుక?

నిర్ధారణ కిందనే ఒక గీతల పెట్టెలో ఐదు అంకెలు. బరువు 62.0 కిలోలు. బి.పి. 106/70. నాడి 72. క్రియాటినిన్ 1.4. పొటాషియం 4.3. పక్కనే చిన్న అక్షరాలతో, చేరినప్పుడు బరువు 68.4, మధ్యలో క్రియాటినిన్ 1.7 దాకా పోయి దిగింది అని. వీటిలో రాజు బరువే. ఎందుకంటారా? ఒక లీటరు నీరు ఒక కిలో తూగుతుంది. మనిషి మూడు రోజుల్లో రెండు కిలోల కండ పెంచుకోలేడు, రెండు కిలోల నీరు మాత్రం తేలిగ్గా పెంచుకోగలడు. కాళ్లలో వాపు వేలితో నొక్కితే గుంటపడే దశకు వచ్చేసరికే ఒంట్లో నాలుగైదు లీటర్లు చేరి ఉండవచ్చు. తక్కెడ అంతకు ముందే చెబుతుంది. నీరంతా పోయి, తలతిరుగుడు లేకుండా, పడుకుంటే ఆయాసం లేకుండా ఉన్నప్పటి ఆ బరువును పొడి బరువు అంటాం. అది చీటీలో లేకపోతే, నా తక్కెడ మీద రోగి 66 అని చూపినా అది ఎక్కువో తక్కువో నాకెలా తెలుస్తుంది? క్రియాటినిన్ కూడా అంతే. రేపు నేను పరీక్ష చేయిస్తే 1.6 వచ్చిందనుకోండి. ఇంటికి పంపినప్పుడు 1.4 అని తెలిస్తే నిశ్చింతగా ఉంటాను. తెలియకపోతే భయపడి మంచి మందులన్నీ ఆపేస్తాను.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆసుపత్రి తక్కెడ, ఊరి తక్కెడ ఒకటి కావు. రెంటికీ కిలో, కిలోన్నర తేడా ఉండటం నేను చూశాను. రెండో చీటీ రాసిన డాక్టరు దానికి ముచ్చటైన ఉపాయం రాశాడు. ఇంటికి చేరిన మరునాటి ఉదయం, మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, రోగి రోజూ వాడబోయే తక్కెడ మీదే తూచి, ఆ అంకెను ఈ చీటీ మీద ఖాళీలో వెయ్యమన్నాడు. అదే ఇకనుంచి పొడి బరువు. మన రైతుకు ఇంట్లో తక్కెడ లేదు. ఊళ్లో ఎరువుల అంగట్లో బస్తాలు తూచే కాటా ఉంది. మొదటి ఉదయం దానిమీద 63 వచ్చింది. 63 అని రాశాం. అంగడివాడికి ఇప్పుడు అదొక సరదా, "ఏమబ్బా, ఈ పొద్దు ఎంత?" అని వాడే పిలిచి తూస్తాడు.

ఆ తర్వాత మందులు. సాధారణంగా వీటిని వేసుకునే వేళల ప్రకారం పట్టీగా రాస్తారు. అది రోగికి మంచిది. డాక్టరుకు కావలసిన పద్ధతి వేరు: మాన్పించినవి, కొత్తగా పెట్టినవి, మోతాదు మార్చినవి, మార్చకుండా ఉంచినవి. ప్రతిదానికీ ఎదురుగా ఎందుకో నాలుగు మాటలు. అన్నీ అసలు పేర్లతోనే. మాన్పించినవి అన్నిటికంటే పైన ఉండాలని నా అభిప్రాయం. కొత్త మందు ఎవరూ మరిచిపోరు, చేతిలో కొత్త అట్ట ఉంటుంది. మాన్పించిన మందు మాత్రం ఇంట్లో డబ్బాలో ఇంకా మిగిలే ఉంటుంది.

మన రైతు విషయంలో మాన్పించినవి మూడు. మొదటిది, చక్కెరకు వేసుకునే మాత్ర. అది చూడటానికి ఒకటే, లోపల మూడు: గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్. ఈ మూడోది ఒంట్లో నీరు నిలిపే గుణం కలది, గుండె వైఫల్యంలో వాడకూడనిది. మొదటి చీటీలో ఆ మాత్ర కంపెనీ పేరుతో "కొనసాగించవలెను" అని ఉంది. రాసినవారు లోపల ఏముందో విప్పి చూడలేదు. కంపెనీ పేర్లతో వచ్చే చిక్కు ఇదే. రెండోది డైక్లోఫెనాక్, దాని బదులు నొప్పికి పారాసిటమాల్. మూడోది టెల్మిసార్టాన్. అది చెడ్డ మందు కాదు. దాని స్థానంలో సాక్యుబిట్రిల్, వాల్సార్టాన్ కలిపిన మాత్ర పెట్టారు, అందులో ఉన్న వాల్సార్టాన్ కూడా ఆ జాతిదే. రెండూ పడితే బి.పి. పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. చీటీలో "టెల్మిసార్టాన్ ఆపడమైనది" అని మాత్రమే ఉంటే, బి.పి. రోగి బి.పి. మందు ఎందుకు ఆగిందా అని నాలాంటివాడు మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఎందుకు ఆపారో రాస్తే ఆ ప్రమాదం లేదు.

కొత్తవాటిలో ఆ సాక్యుబిట్రిల్ మాత్ర ఒకటి, 50 మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు. దాని పక్కన డాక్టరు ఒక మంచి మాట చేర్చాడు: "కొనలేకపోతే ఆపి టెల్మిసార్టానుకే తిరిగి వెళ్లవచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ జాతి మాత్రం ఇది ఆపిన 36 గంటలలోపు ఇవ్వరాదు." ఈ రెండూ కలిస్తే నాలుక, గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. డబ్బుల్లేక మందు మార్చడం మన ఊళ్లలో రోజూ జరిగే పని. దాన్ని ముందే ఊహించి రాయడమంటే రోగిని ఎరిగి రాయడం. తర్వాత మెటోప్రొలాల్ సక్సినేట్ 25, స్పైరోనోలాక్టోన్ 25, డాపాగ్లిఫ్లోజిన్ 10, నీరు పోవడానికి టోర్సెమైడ్ 20. డాపాగ్లిఫ్లోజిన్ ఎదుట "దీనివల్ల మూత్రంలో చక్కెర ఎప్పుడూ కనబడుతుంది, అది మందు పని, చక్కెర పెరిగిందని కాదు" అని ఉంది. ఈ ఒక్క వాక్యం ఎంతమందిని అనవసరపు ఇన్సులిను నుంచి కాపాడుతుందో! స్పైరోనోలాక్టోన్ ఎదుట "టోర్సెమైడుతో కలిపిన మాత్రల్లో కూడా ఇది ఉంటుంది, రెండుసార్లు పడకుండా చూడండి" అని ఉంది. పాతవాటిలో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ ఉంచారు. చివరి రెంటినీ పయోగ్లిటజోన్ లేని మాత్రగా మార్చారు.

ఇక మూడో ప్రశ్న, నేనేం చెయ్యాలి అన్నది. "అవసరమైతే రావలెను" అనే మాటలో అవసరం అంటే ఏమిటో చెప్పలేదు గదా. రెండో చీటీలోని ఆ భాగాన్ని, అది ఇంగ్లీషులో ఉన్నా, తెలుగులో దాదాపు ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాను:

"7వ రోజున మీరు చూడండి: బరువు, నిలబెట్టి బి.పి., క్రియాటినిన్, పొటాషియం. బరువు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే టోర్సెమైడ్ 40కి పెంచి మూడు రోజులు చూడండి. దిగితే మళ్లీ 20. దిగకపోయినా, కూర్చున్నా ఆయాసం ఉన్నా మాకు పంపండి. బరువు పొడి బరువుకంటే కిలోన్నర తగ్గి, తల తిరుగుతుంటే టోర్సెమైడ్ సగం చేయండి. వాంతులు, విరేచనాలు ఉండి తిండి తినకపోతే టోర్సెమైడ్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపండి. తిండి సవ్యంగా పడ్డాక, క్రియాటినిన్ చూసి మళ్లీ మొదలుపెట్టండి. పొటాషియం 5.5 దాటితే స్పైరోనోలాక్టోన్ సగం, 6.0 దాటితే పూర్తిగా ఆపి మాకు ఫోను చేయండి. క్రియాటినిన్ 1.8 దాకా పెరిగినా మనిషి బాగుంటే ఏమీ ఆపవద్దు. 14వ రోజున వాపు లేకుండా, నాడి 60 పైన ఉంటే మెటోప్రొలాల్ 50 చేయండి. వాపు ఉన్నప్పుడు పెంచవద్దు, ఒక్కసారిగా ఆపవద్దు. సాక్యుబిట్రిల్ మాత్రను 100కి పెంచేది మేము, 4వ వారంలో."

చూశారా, ఇందులో ప్రతి వాక్యానికీ ఒక అంకె ఉంది, ఒక తేదీ ఉంది, చేసేది మీరా మేమా అన్నది ఉంది. ఈ చివరిదాన్ని గురించి ఒక మాట. పెంచవలసిన మందును ఆసుపత్రి పెంచుతుందని నేను, నేను పెంచుతానని ఆసుపత్రి ఎదురుచూస్తూ కూర్చుంటే రోగి మొదటిరోజు చిన్న మోతాదు మీదే ఏళ్లు గడిపేస్తాడు. అలాంటివారిని నేను డజన్ల కొద్దీ చూశాను. పైన చెప్పిన 2022 అధ్యయనంలో తేడా చూపినది సరిగ్గా ఈ పెంచే పనే.

కిందివైపు హద్దు రాయడం ఎందుకంత ముఖ్యమో జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ సంగతి చెబితే తెలుస్తుంది. మిషన్ కాలం నాటి క్యాంబెల్ ఆసుపత్రి ఉన్న ఊరు అది. అక్కడివాళ్లకు వైద్యం కొత్తకాదు, మందులు మానే మనుషులూ కారు. ఆమె జనవరిలో ఇంటికి వచ్చింది. చీటీలో టోర్సెమైడ్ 40, "అదే కొనసాగించవలెను." ఒక్కరోజు కూడా తప్పకుండా వేసుకుంది. మే నెల వచ్చింది. మన జిల్లాలో మే ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు, 43, 44 డిగ్రీలు మామూలే. ఆ పైన నీళ్లు తక్కువ తాగమని ఆసుపత్రిలో చెప్పారు. దానికి తోడు నాలుగు రోజులు విరేచనాలు. నా దగ్గరికి తెచ్చేసరికి నాలుక ఎండి, బి.పి. 80కి పడిపోయి, క్రియాటినిన్ 3.1. చెప్పిన మాట తూచా తప్పకుండా పాటించినందుకు ఆ గతి పట్టింది. కోలుకుంది, అయితే పది రోజులు పట్టింది. చల్లని నెలల్లో కుదిరిన మాత్ర ఎండలకు ఎక్కువవుతుంది. ఏప్రిల్‌లో బరువు, బి.పి. చూసి మూత్రం మాత్ర తగ్గించవలసి రావచ్చు అని మన ప్రాంతపు చీటీల్లో ఒక వాక్యం అచ్చువేసి పెట్టుకున్నా తప్పులేదు.

బరువు లెక్కకు ఒక పరిమితి ఉంది, అది కూడా చెప్పాలి. ఈ జబ్బులో ఆకలి చచ్చిపోయి నెలల మీద కండ కరుగుతుంది. కండ రెండు కిలోలు తగ్గి నీరు రెండు కిలోలు పెరిగితే తక్కెడ ఏ మార్పూ చూపదు, మనిషి మాత్రం నీటిలో మునుగుతుంటాడు. అందుకని పొడి బరువును ఒకసారి రాసి ఊరుకోకూడదు. ప్రతి రెండు మూడు నెలలకూ మెడ నరాలు, కాళ్లు, ఊపిరితిత్తులు చూసి, నీరు లేదని తేల్చుకున్నాక కొత్త అంకె వెయ్యాలి. ఆ పని ఊరి డాక్టరుది. చీటీలో ఆ అంకె పక్కన తేదీ ఉండాలి, కింద కొత్త అంకెకు ఖాళీ ఉండాలి.

ఆహారం గురించి చాలా చీటీల్లో "ఉప్పు తగ్గించవలెను" అని ఉంటుంది. మావాళ్లు దాన్ని అన్నంలో ఉప్పు కలుపుకోవద్దనుకుంటారు. రాగిసంగటిలో ఉప్పు మానేసి, దానిమీదికి ఊరగాయ, ఊరుబిండి మామూలుగానే వేసుకుంటారు. ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప అని పేర్లు పెట్టి రాయాలి. పొటాషియం ఉన్న "తక్కువ సోడియం ఉప్పు" అంగళ్లలో దొరుకుతోంది, స్పైరోనోలాక్టోన్ వేసుకునేవారు దాన్ని ముట్టుకోకూడదు. పులివెందుల మనిషికి ఇంకొకటి రాయాలి. చీనీ రసం, అరటిపండు, టెంకాయనీళ్లు ఒంటికి మంచివని ఇంటివాళ్లు పూటపూటకూ పడతారు, తోటలో ఉండనే ఉన్నాయి. వీటన్నిట్లోనూ పొటాషియం ఎక్కువే. పూర్తిగా మాన్పించనక్కరలేదు, రోజుకు ఒకటి చాలునని రాస్తే చాలు.

ఇవన్నీ రాస్తే చీటీ ఎంత పొడవవుతుంది అని అడుగుతారు. మొదటి పుటలో నిర్ధారణ, ఐదు అంకెల పెట్టె, మందుల నాలుగు వరసలు, తర్వాత చేయవలసినది, ఫోను నంబరు. వెనక పుటలో ఆసుపత్రిలో జరిగింది ఐదారు వాక్యాల్లో, ఈ.సి.జి., ఎకో ఫలితాలు. రక్తపరీక్షల అచ్చులు విడిగా పిన్ను కొట్టి ఇవ్వవచ్చు. ఫోను నంబరు అంటే ఆసుపత్రి బోర్డు మీది నంబరు కాదు. నేను పొటాషియం 6.1 చూసి రాత్రి ఎనిమిదింటికి చేస్తే, ఎత్తి, గుండె జబ్బుల గురించి మాట్లాడగలిగే మనిషి ఉన్న వార్డు నంబరు. రాసే సమయం కూడా ఒక సంగతే. డిశ్చార్జి రోజున, ఆటో కింద ఆగి ఉండగా, బిల్లు కట్టి వచ్చిన బంధువులు తలుపు దగ్గర నిలబడి ఉండగా రాసిన చీటీ ఎలా ఉంటుందో మీకే తెలుసు. రోగి చేరిన రెండో రోజునే కాగితం తెరిచి, మాన్పించిన ప్రతి మందునూ మాన్పించిన నాడే కారణంతో సహా రాస్తూ పోతే, చివరిరోజు మిగిలేది బరువూ, రెండు రక్తపరీక్షలే.

రోగులకు ఒక సంగతి. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం, మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్లపాటు వాటిని భద్రపరచాలి. కనుక చీటీలో బరువు లేకపోతే నర్సులు రోజూ రాసిన బరువుల పట్టీ నకలు అడిగి తెచ్చుకోవచ్చు. మన రైతు మొదటిసారి చేరినప్పటి బరువు నాకు అలాగే దొరికింది. అల్లుడు వార్డులో ఉన్నప్పుడు మంచం చివర వేలాడే పట్టీని సెల్‌ఫోనులో ఫోటో తీసుకున్నాడు. అందులో చివరి రోజు 62.4 అని ఉంది. నర్సమ్మ ఏడు రోజులూ తప్పకుండా తూచి రాసిందన్నమాట. దాన్ని చీటీలోకి ఎక్కించడం మాత్రం ఎవరికీ తోచలేదు.

రోగి ఇంట్లో గోడకు అంటించుకునేందుకు తెలుగులో ఒక అరపేజీ విడిగా ఉండాలి. డాక్టరుకు రాసిన దానికి అది తర్జుమా కానక్కరలేదు. రోజూ పొద్దున్నే తూచుకోండి, 65 దాటితే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఈ మూడు మాత్రలు మానేశాము, ఇంట్లో మిగిలినవి పారవేయండి, నొప్పి సూదులు వేయించుకోవద్దు. పెద్ద అక్షరాల్లో అంతే. మా రైతు ఇంట్లో అది క్యాలెండరు పక్కన ఉంది. దానికింద అతని భార్య బలపంతో గోడమీదే బరువులు రాస్తూ వస్తోంది. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు వస్తాయి. మొన్న సంక్రాంతికి మూడు రోజులు వరసగా 63, 64, 65 అని వేసి, నాలుగోనాడు పొద్దున 65 మీద అరకిలో కనబడగానే మనిషిని తీసుకుని తొలి బస్సుకు ప్రొద్దుటూరు వచ్చింది. పండగ అరిసెల పక్కన ఊరగాయ బాగానే పడిందని అడగ్గా తేలింది. మూడు రోజులు టోర్సెమైడ్ 40 వేశాం. నాలుగోనాడు ఎరువుల అంగడి కాటా మీద 63.